వ్యూ వన్స్‌లో పంపిన ఫోటో అవతలివాళ్ల దగ్గర ఉండిపోతుందా?

ప్రశ్న: "వైజాగ్‌లోనే ఉంటాను, వయసు 24. ఒకబ్బాయితో పరిచయం ఉన్న రోజుల్లో అతను అడిగితే వాట్సాప్‌లో వ్యూ వన్స్ పెట్టి నా ఫోటోలు రెండు పంపాను. ఇప్పుడు మాట్లాడటం మానేశాను. 'నీ ఫోటోలు నా దగ్గరే ఉన్నాయి, మీ ఇంట్లోవాళ్లకి పంపుతా' అంటున్నాడు. స్క్రీన్‌షాట్ రాదు కదా, మరి ఎలా ఉంటాయి? నిన్న రాత్రి రుజువు అని ఒక ఫోటో పంపాడు. అది కూడా వ్యూ వన్సే. భయమేసి ఇంకా తెరవలేదు. ఏం చేయాలి?"

సమాధానం:

అమ్మా, ఆ ఫోటో ఇప్పుడే తెరవకండి. భయపడి ఆగిపోవడమే మీకు మేలు చేసింది. దాన్ని తెరిచే పద్ధతి ఒకటి ఉంది, అది కింద చెప్తాను. అలాగని రేపటికో ఎల్లుండికో వాయిదా వేయొద్దు. పంపినవాడు దాన్ని ఇద్దరి దగ్గరా డిలీట్ చేసేయగలడు. వాట్సాప్ అందుకు సుమారు రెండున్నర రోజుల గడువు ఇస్తుంది. అతను డిలీట్ చేయకపోయినా, తెరవని వ్యూ వన్స్ ఫోటో 14 రోజులకి దానంతటదే పోతుంది. కాబట్టి ఈ పని ఇవాళే అయిపోవాలి.

నేను జగదాంబ సెంటర్ దగ్గర ఫోన్ల డేటా రికవరీ పని చేస్తాను. ఇలాంటి టెన్షన్‌తో మా కౌంటర్ దగ్గరకి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. వచ్చిన ప్రతివాళ్లూ మీరు అడిగినట్టే "స్క్రీన్‌షాట్ రాదు కదండీ" అనే మొదలుపెడతారు. అందుకని ఆ తాళం ఏం ఆపుతుందో, ఏం ఆపదో ముందు చూద్దాం. అతను నిజం చెబుతున్నాడా, ఊరికే బెదిరిస్తున్నాడా అన్నది అక్కడే తేలుతుంది.

వాట్సాప్‌లో వ్యూ వన్స్ 2021 ఆగస్టులో వచ్చింది. మొదట్లో స్క్రీన్‌షాట్ తీయనిచ్చేది. దాన్ని ఆపడం 2022లో పెట్టారు. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆ ఫోటో తెరిచి స్క్రీన్‌షాట్ నొక్కితే కుదరదని మెసేజ్ వస్తుంది. స్క్రీన్ రికార్డింగ్ పెడితే ఆ భాగం నల్లగా పడుతుంది. బ్యాంకు యాప్‌లలో స్క్రీన్‌షాట్ రాదు చూడండి, ఇదీ అదే ఏర్పాటు. FLAG_SECURE అని ఆండ్రాయిడ్‌లోనే ఉంది, వాట్సాప్ దాన్ని వాడుకుంటుంది. ఐఫోన్‌లోనూ స్క్రీన్‌షాట్ తీస్తే ఫోటో ఉండాల్సిన చోట ఖాళీగానే వస్తుంది. దీనికి తోడు ఆ ఫోటో అతని గ్యాలరీలోకి వెళ్లదు, ఫార్వర్డ్ అవ్వదు, స్టార్ పెట్టుకోవడానికి రాదు. ఒకసారి మూసేశాక మళ్లీ తెరుచుకోదు. తెరిచిన ఫోటో చాట్ బ్యాకప్‌లోకీ చేరదు.

ఇంతవరకూ ఆ తాళం గట్టిదే. మామూలు వాట్సాప్ వాడే మామూలు మనిషి, ఒక్క ఫోన్‌తో మీ ఫోటోని దాచుకోవడం కష్టం. మూసేసిన ఫోటోని "రికవరీ చేయండి, ఎంతైనా ఇస్తా" అంటూ నా దగ్గరకి వచ్చినవాళ్లున్నారు. ఎందుకు కావాలో అర్థమయ్యే బేరాలు అవి. మేం వాడే సాఫ్ట్‌వేర్లతో అది రాదని చెప్పి పంపేస్తాం. ప్లే స్టోర్‌లోనూ, యూట్యూబ్ వీడియోల కిందా "వ్యూ వన్స్ రికవరీ" అని కనబడే యాప్‌లలో చాలావరకు ప్రకటనలు చూపించి డబ్బులు లాగేవో, ఫోన్‌లోకి చొరబడేవో.

ఇక ఆ తాళం ఆపలేనిది. పేరులో వన్స్ అని ఉన్నంత మాత్రాన కొన్ని సెకన్లే కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. వాట్సాప్‌లో అలాంటి గడియారం ఏదీ లేదు. ఫోటో తెరిచి మూయకుండా ఎంతసేపైనా ఉంచుకోవచ్చు, జూమ్ చేయొచ్చు, పక్కవాడికి చూపించొచ్చు. వీడియో అయితే ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి చూడొచ్చు. అంత తీరిక ఉన్నప్పుడు పక్కన ఇంకో ఫోన్ ఉంటే చాలు, కెమెరాతో ఫోటో తీసేస్తాడు. స్క్రీన్ మీద ఉన్నదాన్ని బయటి కెమెరా తీస్తుంటే ఏ యాప్‌కీ తెలిసే దారి లేదు. మీకు కబురూ రాదు. వాట్సాప్ కూడా తన సహాయ పేజీలో ఈ మాట దాచకుండానే చెబుతుంది. నా దగ్గరకి వచ్చిన వ్యవహారాల్లో ఎక్కువ భాగం ఈ రెండో ఫోన్ పనే.

రెండో దారి దొంగ వాట్సాప్‌లు. జీబీ వాట్సాప్ లాంటివి ప్లే స్టోర్‌లో దొరకవు, బయట నుంచి దించుకుంటారు. వ్యూ వన్స్ ఫోటోని మామూలు ఫోటోలా సేవ్ చేసుకునే సదుపాయం ఉందని చెప్పుకునే ఈ యాప్‌ల రకాలు చాలానే తిరుగుతున్నాయి. అవి పనిచేయడానికి కారణం సులువే. ఫోటో అతని ఫోన్‌కి పూర్తిగానే చేరుతుంది. "ఇది ఒకసారే చూపించు" అనే గుర్తు దానితో పాటు వెళ్తుంది. ఆ గుర్తుని పాటించే బాధ్యత అతని ఫోన్‌లోని యాప్‌ది. అసలు వాట్సాప్ పాటిస్తుంది, దొంగ యాప్ పక్కన పడేస్తుంది. 2024 సెప్టెంబర్‌లో జెంగో అనే క్రిప్టో వాలెట్ సంస్థ పరిశోధకులు బయటపెట్టిన లోపం కూడా ఈ కోవలోదే. వ్యూ వన్స్ ఫోటోని చూపించకూడని వాట్సాప్ వెబ్‌కి కూడా సర్వర్ దాన్ని పంపేది. బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని ఆ గుర్తుని మార్చేస్తే అది మామూలు ఫోటో అయిపోయేది. ఆ గొడవ బయటికొచ్చాక వాట్సాప్ సరిచేసింది. రూట్ చేసిన, అంటే కంపెనీ పెట్టిన లోపలి అడ్డంకులు తీసేసిన ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్క్రీన్‌షాట్ అడ్డుని తీసేసే పద్ధతులూ ఉన్నాయి. కానీ దానికి కాస్త పనితనం ఉండాలి.

ఇప్పుడు మీ సంగతి. మీరు పంపిన రెండు ఫోటోలు చాట్‌లో ఎలా కనిపిస్తున్నాయో చూడండి. అతను తెరిచి ఉంటే మీ వైపు Opened అని ఉంటుంది. తెరవకపోతే Photo అనే ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. అతను బ్లూ టిక్‌లు ఆపుకుని ఉంటే, తెరిచినా మీకు Opened అని రాదు. కాబట్టి Opened ఉంటే చూశాడని నమ్మొచ్చు. Photo అని ఉన్నంత మాత్రాన చూడలేదని నమ్మకూడదు. అతనితో మామూలు మెసేజ్‌లకి బ్లూ టిక్‌లు పడేవా అని గుర్తు తెచ్చుకుంటే ఇది తేలిపోతుంది.

తర్వాత అతను పంపిన ఆ "రుజువు". బెదిరించేవాడు వ్యూ వన్స్‌లో ఎందుకు పంపాడనుకుంటున్నారు? అదే తాళం ఇప్పుడు అతనికి పనికొస్తోంది. మీరు తెరుస్తారు, చూసి హడలిపోతారు, చేతులు వణుకుతూ మూసేస్తారు. స్క్రీన్‌షాట్ తీయబోతే రాదు. తర్వాత పోలీసుల దగ్గరకి వెళ్తే చూపించడానికి ఏమీ ఉండదు, "నేనేం పంపలేదు" అంటాడు. ఈ మధ్య ఇలా బెదిరించేవాళ్లు మాటలు కాల్‌లో చెప్పి, ఫోటోలు వ్యూ వన్స్‌లో పంపుతున్నారు. తెలివి ఎక్కువై చేస్తున్నారు గానీ, అతను వాడిన దారే మనకీ ఉంది.

మీ ఇంట్లోవాళ్లనో, నమ్మకమైన స్నేహితురాలినో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ల ఫోన్‌తో వీడియో తీయించండి. మధ్యలో ఆపకుండా ఒకే వీడియోగా తీయాలి, అది ముఖ్యం. ముందు మీ ఫోన్‌లో ఆ రోజు తేదీ, సమయం కనబడేలా చూపించండి. తర్వాత వాట్సాప్ చాట్ల జాబితా, అందులో అతని పేరు. పేరు మీద నొక్కి లోపలి పేజీలో అతని నంబర్ స్పష్టంగా పడేదాకా ఆగండి. పేరు మాత్రమే ఉంటే రేపు "ఆ పేరు వేరేవాళ్లకి పెట్టుకుంది" అంటారు. అక్కడి నుంచి చాట్‌లోకి వచ్చి, బెదిరించిన మెసేజ్‌లని మెల్లగా పైకి జరుపుతూ చూపించి, తెరవని ఆ వ్యూ వన్స్ దగ్గర, దాని కింది సమయం దగ్గర ఒక్క క్షణం ఆగండి. అప్పుడు తెరవండి. తీస్తున్నవాళ్ల చెయ్యి కదలకుండా, ఫోకస్ కుదిరేదాకా ఉంచండి. మూలలు, అంచులు కూడా దగ్గరగా తీయండి. గడియారం లేదని చెప్పాను కదా, కంగారు వద్దు. మీ ఫోన్‌కి కాల్ ఏదైనా వచ్చి ఫోటో మూసుకుపోకుండా, మొదలుపెట్టే ముందే డు నాట్ డిస్టర్బ్ పెట్టుకోండి. చివర్లో మూసేసి, అక్కడ Opened అని మారడం కూడా వీడియోలో పడనివ్వండి. గదిలో లైట్ స్క్రీన్ మీద మెరవకుండా కూర్చుంటే సరి.

ఆ ఫోటోని చూస్తే అతని దగ్గర ఏముందో సగం తెలిసిపోతుంది. రెండో ఫోన్‌తో తీసినదైతే స్క్రీన్ మీద నీళ్ల అలల్లాంటి రంగు చారలు కనిపిస్తాయి. ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క సన్నగా ఉంటుంది. ట్యూబ్‌లైట్ మెరుపో, పట్టుకున్న వేలో, ఫోన్ నల్ల అంచో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. పైన వాట్సాప్‌లో మీ పేరు, టైము కూడా పడి ఉంటే ఇంకా మంచిది. మీరు అతనికి ఒకసారి చూడమని పంపిన ఫోటోని అతను కాపీ చేశాడని అతనే ఒప్పుకున్నట్టు లెక్క.

అలా కాకుండా ఫోటో చారలు, వంకరలు ఏమీ లేకుండా, మీరు పంపినప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే ఉంటే రెండు సంగతులు ఆలోచించాలి. ఒకటి, పైన చెప్పిన దొంగ వాట్సాప్. అప్పుడు అతని దగ్గర ఇద్దరి మధ్యా నడిచిన వ్యూ వన్స్‌లన్నీ ఉండొచ్చు. రెండోది చాలామందికి తట్టదు. ఫోటో వ్యూ వన్స్‌లోంచి కాకుండా మీ ఫోన్ నుంచే పోయి ఉండొచ్చు. గ్యాలరీ నుంచి ఎంచుకుని పంపారా? అయితే అసలు కాపీ మీ గ్యాలరీలో, గూగుల్ ఫోటోస్ ఆన్‌లో ఉంటే అందులోనూ ఉంది. మీ ఫోన్ పిన్ అతనికి తెలుసా? ఎప్పుడైనా మీ జీమెయిల్ అతని ల్యాప్‌టాప్‌లో తెరిచారా? వాట్సాప్ సెట్టింగ్స్‌లో Linked devices తెరిచి మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా కనిపిస్తే, ముందు దాన్ని కూడా వీడియో తీసి తర్వాత లాగౌట్ చేయండి. జీమెయిల్ పాస్‌వర్డ్, ఫోన్ పిన్ మార్చండి. మద్దిలపాలెం నుంచి వచ్చిన ఒకావిడ విషయంలో ఇదే తేలింది. వ్యూ వన్స్‌ని అనుమానిస్తూ వచ్చారు, తీరా చూస్తే ఆవిడ గూగుల్ అకౌంట్ అవతలి మనిషి పాత ట్యాబ్‌లో తెరిచే ఉంది.

ఇంకో అవకాశం, ఆ రుజువులో మీ ఫోటోయే ఉండకపోవచ్చు. మీ ఇన్‌స్టాగ్రామ్ ఫోటోయో, వేరే ఎవరి ఫోటోయో పంపి, తెరవగానే మూసేస్తారులే అనుకునేవాళ్లున్నారు. మీరు పంపిన రెండింటి దగ్గరా Opened అని ఉంటే అతను చూశాడు. చూసినంత మాత్రాన తీసుకున్నాడని కాదు. కానీ ఆ తేడా మీకు ఊరట ఇవ్వడానికే, ఫిర్యాదు చేయడానికి అడ్డు కాదు. ఫోటో ఉన్నా లేకపోయినా బెదిరింపు బెదిరింపే.

చట్టం గురించి నేను వకీలుని కాను, పని మీద తిరిగి తెలుసుకున్నంత చెప్తాను. చూడమని మీరే పంపారు కదా, ఇంకేం కేసు అని కొందరు నిరుత్సాహపరుస్తారు. అది తప్పు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద వివరణలోనే ఉంది. ఆడవాళ్లు ఏకాంతపు ఫోటో తీయడానికి ఒప్పుకున్నా, దాన్ని మూడో మనిషికి పంపడానికి ఒప్పుకోకపోతే, అలా పంపడం నేరమే. మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. ఐటీ చట్టం 66ఈ కింద ఒంటి మీది మరుగు భాగాల ఫోటోని ఇష్టం లేకుండా పంపితే మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంకా ఎవరికీ పంపకుండా పంపుతానని బెదిరిస్తే న్యాయ సంహితలోని 351, డబ్బు అడిగితే అందులోని 308 వర్తిస్తాయి. మీ ఫోటో ఎలాంటిదో, అతను ఎంతవరకు వచ్చాడో బట్టి సెక్షన్లు పోలీసులు చూసుకుంటారు. మీరు సెక్షన్ నంబర్లు రాసుకుని వెళ్లక్కర్లేదు.

వైజాగ్ సిటీ పోలీసుల్లో సైబర్ క్రైమ్ స్టేషన్ విడిగా ఉంది. అక్కడికి వెళ్లడానికి మొహమాటమైతే ముందు cybercrime.gov.in లో మహిళలు, పిల్లల మీద నేరాలకి వేరే విభాగం ఉంది, అందులో ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. పేరు చెప్పకుండా పెట్టే వీలు కూడా అందులో ఉంది, కానీ పేరు ఇచ్చి పెడితేనే మీకు జవాబు వచ్చి కేసు ముందుకి కదులుతుంది. అతను బెంగళూరులోనో విజయనగరంలోనో ఉన్నా సరే, మీకు దగ్గరున్న స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. "మా పరిధి కాదు" అని వెనక్కి పంపకూడదు. ఈపాటికే డబ్బు పంపి ఉంటే మాత్రం పోర్టల్ కంటే ముందు 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత అవకాశం.

వెళ్లేటప్పుడు మీ ఫోన్, వీడియో తీసిన ఫోన్ రెండూ పట్టుకెళ్లండి. ఆ వీడియోని వాట్సాప్‌లో మీకు మీరు ఫార్వర్డ్ చేసుకుంటే నాణ్యత తగ్గిపోతుంది. కేబుల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, తీసిన ఫోన్‌లో అసలుని అలాగే ఉంచండి. చాట్ డిలీట్ చేయొద్దు. అతని నంబర్ బ్లాక్ చేయాలనిపిస్తుంది, ఫిర్యాదు ఇచ్చేదాకా ఆగండి. అప్పటిదాకా నోటిఫికేషన్లు మ్యూట్‌లో పెట్టుకుంటే చాలు. జవాబులు ఇవ్వకండి, బతిమాలకండి, "ఇంకా ఏమున్నాయో చూపించు" అని రెచ్చగొట్టకండి. అతను ఇంకా పంపితే ప్రతిదాన్నీ అదే పద్ధతిలో తీయండి. ఆ వీడియో పని అయ్యాకే, వాట్సాప్‌కి కూడా అతని మీద రిపోర్ట్ కొట్టొచ్చు. అది పోలీసు ఫిర్యాదుకి బదులు కాదు.

ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెట్టేస్తాడేమో అన్న భయం ఉంటే StopNCII.org అని ఒకటుంది, 18 నిండినవాళ్లకి. మీ ఫోటో అక్కడికి వెళ్లదు. మీ ఫోన్‌లోనే దాని నుంచి ఒక సంకేత సంఖ్య తయారవుతుంది, అది మాత్రమే వెళ్తుంది. ఆ ఫోటోని అందులో చేరిన సైట్లలో ఎవరైనా ఎక్కించబోతే సంకేతం కలిసి పట్టుబడుతుంది. ఏకాంతపు ఫోటోలకే ఇది వర్తిస్తుంది, మామూలు ఫోటోలు తీసుకోరు. అతని దగ్గరున్నది స్క్రీన్ మీద నుంచి తీసిన వంకర ఫోటో అయితే మీ అసలు ఫోటో సంకేతంతో అది కలవకపోవచ్చు. అందుకని మీ గ్యాలరీలోని అసలు ఫోటోనీ, మీరు తీసిన వీడియోలో స్పష్టంగా ఉన్న ఒక ఫ్రేమ్‌నీ రెండూ ఇవ్వండి. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేవి దీనికి అందవు. ఇంట్లోవాళ్లకి పంపుతా అన్న బెదిరింపు మాత్రం ఇది ఆపలేదు. దానికి ఇంట్లో కనీసం ఒకరికి మీరే ముందుగా చెప్పుకోవడం మేలు. వీడియో తీయడానికి పక్కన కూర్చునే మనిషి వాళ్లే అయితే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి.